సౌర విద్యుత్తుపై ఇండక్షన్ పొయ్యి, మిక్సీ: ఇన్వర్టరు ఎందుకు మొరాయిస్తుంది?

ఒమాన్‌లో కరెంటు పోవడం అరుదు. అందుచేతనే, పోయిననాడు మనకు ఏమీ తోచదు. 2007 జూన్‌లో గోను తుపాను వచ్చినప్పుడు ఇక్కడ ఉన్న కుటుంబాలకు ఆ చీకటి రోజులు ఇప్పటికీ జ్ఞాపకమే. 2021 అక్టోబరు 3న షాహీన్ తుపాను బాతినా తీరాన్ని తాకినప్పుడు సువేఖ్, ఖాబూరా ప్రాంతాలవారు ఆ అనుభవాన్ని మళ్ళీ చవిచూశారు. 2022 సెప్టెంబరు 5న గాలీ వానా ఏమీ లేకుండానే, ప్రధాన విద్యుత్ వ్యవస్థలో కలిగిన లోపం వలన మస్కట్‌తో సహా పలు ప్రాంతాలు మధ్యాహ్నవేళ కరెంటు లేక ఉడికిపోయాయి. ఇట్టి సందర్భాలను దృష్టిలో ఉంచుకొని, సొంతంగా విల్లా అద్దెకు తీసుకొని ఉంటున్న మనవారు కొందరు మిద్దెపై సౌర ఫలకాలు, క్రింద బ్యాటరీలు, ఇన్వర్టరు అమర్చుకొన్నారు. దీపాలు వెలుగుతాయి, పంకాలు తిరుగుతాయి, ఫ్రిజ్ కూడ పనిచేస్తుంది. ఇబ్బంది అంతా వంటింట్లోనే. ఇండక్షన్ పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండగా పచ్చడికి మిక్సీ వేయగానే ఇన్వర్టరు కీచుమని అరచి ఇల్లంతా చీకటి చేస్తుంది.

ఇందుకు కారణం "ఇన్వర్టరు చాలదు" అని దుకాణదారులు చెబుతారు. అది సగం నిజం మాత్రమే. మిగతా సగం ఎక్కడ ఉన్నదో ఈ వ్యాసంలో విచారిద్దాం.

ముందుగా ఒక చిన్న సంగతి చెప్పి ముందుకు సాగుతాను. ఒమాన్‌లో 2017లో ఆరంభమైన "సాహిమ్" పథకం క్రింద మిద్దెలపై అమర్చే సౌర ఫలకాలు సాధారణంగా ప్రభుత్వ విద్యుత్ తీగలతో జోడించబడి ఉంటాయి. అటువంటి అమరికలో బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోయిన క్షణంలోనే ఇంటి సౌర విద్యుత్తు కూడ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా సరే! ఇది లోపం కాదు. తీగలు బాగుచేసే కార్మికుడికి మన మిద్దె మీది విద్యుత్తు తగలకుండా ఉద్దేశపూర్వకంగా చేసిన ఏర్పాటు. కనుక మనం ఇక్కడ మాట్లాడుకొనేది బ్యాటరీతో కూడిన, వీధి తీగ నుండి విడిపడి స్వతంత్రంగా నడవగల అమరికను గురించే.

పెళ్ళిపందిట్లో వడ్డన చూడండి. కొట్టుగదిలో వెయ్యిమందికి సరిపడే సరుకు ఉండవచ్చు. కాని వడ్డించేవారు నలుగురే అయితే, వందమంది ఒక్కసారి పంక్తిలో కూర్చొంటే గొడవ తప్పదు. సరుకు చాలకపోవడం వేరు, చేతులు చాలకపోవడం వేరు. బ్యాటరీలో నిలవ ఉన్న శక్తి కొట్టుగది వంటిది; దానిని వాట్-అవర్లలో కొలుస్తాం. ఒక క్షణంలో ఎంత శక్తిని అందించగలదన్నది వడ్డించే చేతుల వంటిది. దానిని వాట్లలో కొలుస్తాం. వంటింటి విషయంలో మనవారు తరచు మొదటి లెక్క వేసుకొని రెండవది మరచిపోతారు.

మొదటి లెక్క నిజానికి భయపెట్టేది కాదు. నలుగురికి అర కిలో బియ్యం, లీటరుంపావు నీళ్ళు, రెండు కిలోల స్టీలు కుక్కరు అనుకొందాం. వీటిని 30 డిగ్రీల నుండి కుక్కరులోని 120 డిగ్రీలకు తీసుకొని పోవడానికి నీటికి సుమారు 470 కిలోజౌళ్ళు, బియ్యానికి 77, పాత్రకు 90, వెరసి 640 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఇండక్షన్ పొయ్యి తాను తీసుకొన్న విద్యుత్తులో దాదాపు 85 శాతం పాత్రకు అందిస్తుంది. ఆ లెక్కన సుమారు 210 వాట్-అవర్లు. ఆవిరిగా పోయేదీ, ఈలల మధ్య నష్టమయ్యేదీ కలిపి 250 అనుకోండి. అంటే కరెంటు బిల్లులో పావు యూనిట్. పప్పుకు 200, కూరకు 200, టీకి 50. మిక్సీ 750 వాట్లది నాలుగు నిమిషాలు తిరిగితే అయ్యే ఖర్చు 50 వాట్-అవర్లు. పూట వంట మొత్తం 750 వాట్-అవర్లలో ముగుస్తుంది. అందుకే సరుకు గురించి దిగులు అవసరం లేదు, చిక్కంతా చేతుల దగ్గరే.

ఇండక్షన్ పొయ్యి లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం. గాజుపలక క్రింద చుట్టలుగా చుట్టిన రాగితీగ ఉంటుంది. ఇంట్లోకి వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు పూర్తి చేస్తుంది. పొయ్యిలోని ఎలక్ట్రానిక్ పరికరం దానిని మొదట ఏకదిశా విద్యుత్తుగా మార్చి, ఆ తరువాత సెకనుకు 20 వేల నుండి 40 వేల ఆవర్తనాలు పూర్తి చేసేటట్టు చుట్టలోకి పంపుతుంది. ఆ అయస్కాంత క్షేత్రం ఇనుప పాత్ర అడుగున సుడులుగా విద్యుత్ప్రవాహాన్ని పుట్టిస్తుంది. పాత్ర అడుగే వేడెక్కుతుంది. అయస్కాంతం అంటుకొనని అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె పనికిరాకపోవడం ఇందువల్లనే.

ఈ పొయ్యిలో ఇన్వర్టరుకు సంబంధించిన రహస్యం మరొకటి ఉన్నది. చాలా చవక రకాల పొయ్యిలలో 1000 వాట్లకు పైన ఉండే మెట్లలో శక్తిని నిజంగానే తగ్గించవచ్చు. అంతకంటె క్రిందికి దిగితే, 600 అనో 400 అనో నొక్కినప్పుడు, పొయ్యి 400 వాట్లు తీసుకోదు. కొన్ని సెకన్లు 1000 వాట్లకు పైగా తీసుకొని, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. సగటున 400 అవుతుందన్నమాట. ఇది కనిపెట్టడానికి పరికరాలు అక్కరలేదు. చిన్న మంట మీద పాలు పెట్టి చూడండి: పొంగు కొంతసేపు పైకి లేచి, కొంతసేపు చప్పగా దిగిపోయి, మళ్ళీ లేస్తుంది. చెవి ఒగ్గితే గుయ్యిమనే శబ్దం కూడ ఆగి ఆగి వినిపిస్తుంది. గృహిణి "చిన్న మంటే కదా" అనుకొని మిక్సీ వేసిన క్షణం, ఆ పొయ్యి 1000 వాట్ల దశలో ఉంటే ఒక ఫలితం, ఆగిన దశలో ఉంటే వేరొక ఫలితం. "నిన్న పనిచేసింది, ఇవాళ ఎందుకు పనిచేయలేదు" అనే ప్రశ్నలలో ఎక్కువ భాగానికి సమాధానం ఇక్కడే దొరుకుతుంది. కనుక చిన్న మంటకైనా సరే, ఇన్వర్టరు మీద లెక్కలో కనీసం 1000 వాట్లు వేసుకోవాలి.

మిక్సీ స్వభావం వేరు. అందులోని మోటారు ఆగి ఉన్న స్థితి నుండి కదిలేటప్పుడు, తిరుగుతున్నప్పటి కంటె చాలా ఎక్కువ విద్యుత్తును గుంజుకొంటుంది. తిరుగుతున్న మోటారు తనలో తాను ఎదురు వోల్టేజిని పుట్టించుకొని ప్రవాహాన్ని అదుపు చేస్తుంది. నిలబడి ఉన్న మోటారుకు ఆ అదుపు లేదు. 750 వాట్ల మిక్సీకి ఆరంభ క్షణంలో నాలుగు రెట్లు, అంటే 3000 వాట్లు లెక్క వేసుకోవడం క్షేమం. జారులో మెత్తని పదార్థం ఉంటే ఇది రెప్పపాటులో ముగుస్తుంది. ఎండు కొబ్బరి ముక్కలు బ్లేడు క్రింద ఇరుక్కొంటే, లేదా గారెల పిండి నీళ్ళు లేకుండా గట్టిగా పట్టుకొంటే, ఆ క్షణం ఒకటి రెండు సెకన్లకు సాగుతుంది. మిక్సీ క్రింద ఉండే ఎర్ర మీట బయటకు రావడం మనందరం ఎరిగిందే. అది మోటారును కాపాడే ఏర్పాటు. ఇన్వర్టరు అంతకంటె ముందే చేతులెత్తేయవచ్చు. మీటను ఎడమవైపుకు తిప్పి వదలి, తిప్పి వదలి రుబ్బే అలవాటు మనకు ఉన్నది. కరెంటు ఉన్నప్పుడు అది మంచి పద్ధతే. బ్యాటరీ మీద మాత్రం, ప్రతి తిప్పుడూ ఒక కొత్త ఆరంభమని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఒక ఇంటి లెక్కను సాంతం పరిశీలిద్దాం. బర్కాలో ఉంటున్న మా మిత్రుల ఇల్లు ఇది. 3000 వోల్ట్-ఆంపియర్ల ఇన్వర్టరు; దాని అసలు సామర్థ్యం 2400 వాట్లు. ఈ రెండు అంకెలలో పెద్దదే పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. మనకు కావలసింది చిన్నది. ఆ యంత్రపు పుస్తకం ప్రకారం, ఒక్క క్షణం పాటు దాదాపు రెట్టింపు భారాన్ని భరిస్తుంది. సామర్థ్యానికి 10 నుండి 50 శాతం మించిన భారాన్ని 10 సెకన్లు ఓర్చుకొని ఆగిపోతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలు రెండు వరుసగా కలిపి 24 వోల్టులు. వాటి వయస్సు నాలుగేళ్ళు. మిద్దెపై 400 వాట్ల ఫలకాలు నాలుగు.

2022 సెప్టెంబరులో కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం, ఆ ఇంట్లో దీపాలు, పంకాలు కలిపి 200 వాట్లు, ఫ్రిజ్ 150 వాట్లు, ఇండక్షన్ పొయ్యి 1800 వాట్ల మెట్టు మీద నడుస్తున్నాయి. మొత్తం 2150. ఇన్వర్టరు మౌనంగా పనిచేస్తూనే ఉన్నది. కొబ్బరి పచ్చడికి మిక్సీ మీట తిప్పారు, అంతా ఆగిపోయింది. మిత్రులు 5000 వోల్ట్-ఆంపియర్ల ఇన్వర్టరు కొనడానికి సిద్ధపడ్డారు.

కాగితం మీద చూస్తే, మిక్సీ స్థిరంగా తిరిగేటప్పుడు మొత్తం భారం 2900 వాట్లు. ఇది 2400కు 20 శాతం పైన. కనుక 10 సెకన్ల తరువాత ఎటూ ఆగిపోవలసిందే. కాని ఆ రోజు ఆగింది 10 సెకన్ల తరువాత కాదు, మీట తిప్పిన వెంటనే. ఆరంభ భారం 5150 వాట్లు. యంత్రం క్షణకాలం భరించగల పరిమితికి అది దాదాపు అంచున ఉన్నది. మరి వెంటనే ఎందుకు ఆగింది?

దీనిని తేల్చడానికి ఇండక్షన్ పొయ్యినే పరీక్షా సాధనంగా వాడుకొన్నాం. వీధి కరెంటునూ, సౌర ఫలకాలనూ విడదీసి, బ్యాటరీలను కాసేపు విశ్రాంతిగా ఉంచి వోల్టేజి చూస్తే 25.0 ఉన్నది. తరువాత పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టి 1800 వాట్ల మెట్టు నొక్కాం. ఇంటి మిగతా భారంతో కలిపి 2150 వాట్లకు బ్యాటరీ నుండి దాదాపు 100 ఆంపియర్లు ప్రవహిస్తాయి. అప్పుడు బ్యాటరీ కొనల మధ్య 23.0 వోల్టులు, ఇన్వర్టరు కొనల మధ్య 22.5 వోల్టులు మాత్రమే. అంటే బ్యాటరీ లోపలనే 2 వోల్టులు, మధ్య కేబుల్‌లో మరో అర వోల్టు తరుగుతున్నాయి. 100 ఆంపియర్లకు రెండున్నర వోల్టుల తరుగుదల ఉంటే, 5150 వాట్ల ఆరంభ భారానికి కావలసిన 240 ఆంపియర్లకు దాదాపు 6 వోల్టులు తరుగుతాయి. మిగిలేది 19. ఈ ఇన్వర్టరు 21 వోల్టుల క్రిందికి దిగితే బ్యాటరీ అయిపోయిందని భావించి ఆగిపోతుంది. ఆ రోజు జరిగింది ఇదే. బ్లేడు క్రింద కొబ్బరి ముక్క ఇరుక్కొని ఒక సెకను నిలబడేసరికి ఇన్వర్టరుకు బ్యాటరీ ఖాళీ అయినట్లు కనబడింది. నిజానికి ఇన్వర్టరు ఓడలేదు, బ్యాటరీ ఓడింది.

ఇందులో ఒక విషవలయం కూడ ఉన్నది. ఇన్వర్టరుకు కావలసినది వాట్లు. వోల్టేజి తగ్గినకొద్దీ అదే వాట్లకు ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది. ఎక్కువ ఆంపియర్లు గుంజినకొద్దీ వోల్టేజి ఇంకా తగ్గుతుంది. 5000 వోల్ట్-ఆంపియర్ల ఇన్వర్టరు కొని అవే బ్యాటరీలకు తగిలించి ఉంటే, మూడు నాలుగు వందల రియాళ్ళ ఖర్చు అవుతుందే తప్ప పచ్చడి మాత్రం రుబ్బబడదు.

సీసపు బ్యాటరీ ఎందుకిలా ప్రవర్తిస్తుందో రసాయన శాస్త్రం చెబుతుంది. అందులో గంధకామ్లం కేవలం దారి ఇచ్చే ద్రవం కాదు. అది స్వయంగా చర్యలో పాల్గొని ఖర్చు అవుతుంది. ఫలకాల సూక్ష్మ రంధ్రాలలో ఉన్న ఆమ్లం సీసంతో కలిసి సీసపు సల్ఫేటుగా మారుతుంది. నెమ్మదిగా విద్యుత్తు తీసుకొంటే బయటి ఆమ్లం లోపలికి వ్యాపించి ఆ లోటు పూరిస్తుంది. ఒక్కసారి 100 ఆంపియర్లు లాగితే, రంధ్రాలలోని ఆమ్లం పలచబడిపోతుంది. బయటి ఆమ్లం అంత వేగంగా లోపలికి చేరలేదు. బ్యాటరీ మీద వ్రాసిన 150 ఆంపియర్-అవర్ల లెక్క, 20 గంటల పాటు 7.5 ఆంపియర్ల చొప్పున తీసుకొంటేనే నిజం. 100 ఆంపియర్ల చొప్పున తీసుకొంటే అదే బ్యాటరీ ఇచ్చేది సుమారు 90 మాత్రమే. భారం తీసివేసి పావుగంట ఆగితే వోల్టేజి తనంతట తాను పైకి వస్తుంది; అది ఆమ్లం మళ్ళీ రంధ్రాలలోకి చేరుకొన్న గుర్తు. "పూర్తిగా అయిపోయిన బ్యాటరీ కాసేపాగితే మళ్ళీ దీపాలు వెలిగించింది" అని ఆశ్చర్యపడేవారికి ఇదే సమాధానం. వయస్సుతో, ముఖ్యంగా ఇక్కడి వేడితో, సల్ఫేటు గట్టిపడి, లోపలి జాలీలు తుప్పుపట్టి అంతర్నిరోధం పెరుగుతుంది. సీసపు బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికీ ఆయుర్దాయం సుమారు సగమవుతుందని మా శాస్త్రంలో ఒక స్థూల సూత్రం. బర్కా వేసవిలో మెట్ల క్రింది గదిలో పెట్టిన బ్యాటరీకి నాలుగేళ్ళంటే ముసలితనమే.

ఇక కేబుల్ సంగతి. మిత్రుల ఇంట్లో బ్యాటరీకీ ఇన్వర్టరుకూ మధ్య 16 చదరపు మిల్లీమీటర్ల తీగ, పోను రాను కలిపి 4 మీటర్లు ఉన్నది. 240 వోల్టుల పక్కన అది లావైన తీగే. 24 వోల్టుల పక్కన, పదిరెట్లు ఎక్కువ ఆంపియర్లు పోవలసిన చోట, అది సన్నని తీగ. పొయ్యి పది నిమిషాలు నడిచిన తరువాత బ్యాటరీ దగ్గరి బిగింపులను, భారం తీసివేసి, తాకి చూస్తే వేడి తెలుస్తుంది. ఒక బిగింపు మిగతావాటికంటె వేడిగా ఉంటే అక్కడ మర వదులైందని అర్థం. తీగను 35 చదరపు మిల్లీమీటర్లకు మార్చి, దూరం తగ్గించి, మరలు బిగించడానికి అయిన ఖర్చు ఇన్వర్టరు ధరలో పదోవంతు కూడ లేదు. ఈ పని ఎలక్ట్రీషియన్ చేత చేయించవలెను. 24 వోల్టులు షాక్ కొట్టదు కదా అని చేతికి ఉంగరం, గాజులతో పాన పట్టుకొంటే, రెండు కొనలు కలిసిన క్షణంలో ఆ లోహం ఎర్రగా కాలుతుంది.

ఆ తరువాత వంటింటి క్రమంలో చేసిన మార్పులు రెండే. మొదటిది, కరెంటు లేని వేళ పొయ్యిని 1200 వాట్ల మెట్టు దాటనివ్వకపోవడం. దీనివల్ల పోయేదేమిటి? మనం పైన లెక్క కట్టిన అన్నానికి 1800 మీద ఈల రావడానికి 7 నిమిషాలు పడితే, 1200 మీద పదిన్నర నిమిషాలు పడుతుంది. మూడున్నర నిమిషాల ఓపికకు బ్యాటరీ నుండి లాగే ప్రవాహం 100 ఆంపియర్ల నుండి 72కు తగ్గుతుంది. రెండవది, మిక్సీ పనిని పొయ్యి వెలిగించక ముందే ముగించడం. అప్పుడు ఆరంభ భారం 350కి 3000 కలిపి 3350 వాట్లు, 155 ఆంపియర్లు, కొత్త తీగతో తరుగుదల మూడున్నర వోల్టుల లోపు. 25 నుండి 21.6కి దిగి ఆగుతుంది. 21 గీతకు పైనే. ఇది బొటాబొటి లెక్కే, బ్యాటరీ సగం ఖాళీగా ఉన్న రాత్రివేళ ఈ వెసులుబాటు ఉండదు. అందుకని వారింట్లో పచ్చడి పగలే రుబ్బుతున్నారు. కొబ్బరిని చిన్న ముక్కలుగా తరిగి, జారు సగానికే నింపి, కాసిని నీళ్ళు పోసి, మొదటి వేగం మీద మొదలుపెట్టి తరువాత పెంచుతున్నారు. ఫ్రిజ్‌ను ఆ అరగంట ప్లగ్గు తీసి ఉంచుతారు. లేకపోతే దాని కంప్రెసరు కూడ ఎప్పుడో ఒకప్పుడు మిక్సీతో పాటే మేల్కొంటుంది. అరగంటలో ఫ్రిజ్‌లోని పాలు విరిగిపోవు.

ఇడ్లీ పిండి విషయంలో మన పాత గ్రైండరు మేలు. బల్లమీద పెట్టుకొనే రాతి గ్రైండరు 150 నుండి 200 వాట్లు మాత్రమే తీసుకొంటుంది. అరగంట తిరిగితే అయ్యే ఖర్చు 100 వాట్-అవర్లలోపు. దానికీ ఆరంభంలో కొన్ని రెట్లు కావాలి కాని, 200కు నాలుగైదు రెట్లు 750కి నాలుగు రెట్ల ముందు ఎంత? సీమ మిక్సీలు వచ్చి రుబ్బురోలును మూల పెట్టాయని మా అమ్మగారు విసుక్కొనేవారు; బ్యాటరీ పక్షాన నిలబడి చూస్తే ఆవిడదే న్యాయం.

మధ్యాహ్నం ఎండలో సౌర ఫలకాలు నేరుగా చేయూతనిస్తాయి. అయితే 1600 వాట్ల ఫలకాల నుండి 1600 వస్తాయనుకోకూడదు. జూన్ మధ్యాహ్నం ఫలకం లోపలి వేడి 70 డిగ్రీలకు చేరుతుంది; 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 నుండి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. అక్కడే ఆరోవంతు పోయింది. దుమ్ము పట్టిన ఫలకమైతే ఇంకా తగ్గుతుంది. మిత్రుల ఇంట్లో మంచి ఎండలో 1100 నుండి 1200 వాట్లు వస్తున్నాయి. పొయ్యి 1000 వాట్ల మెట్టు మీద పెడితే, పదకొండు నుండి రెండు గంటల మధ్య బ్యాటరీని పెద్దగా తాకకుండానే అన్నం, పప్పు అయిపోతాయి. ఇన్వర్టరు కూడ వేడికి లొంగుతుంది. 40, 45 డిగ్రీలు దాటిన గదిలో చాలా యంత్రాలు తమ సామర్థ్యాన్ని తామే తగ్గించుకొంటాయి. బాల్కనీలో పడమటి ఎండ పడేచోట పెట్టిన 2400 వాట్ల ఇన్వర్టరు సాయంత్రం 2400 వాట్ల ఇన్వర్టరు కాదు.

ఊళ్ళో తల్లిదండ్రులకు ఇన్వర్టరు కొనిపెట్టేవారు ఒక విషయం గమనించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపిన తరువాత రోజుల తరబడి కరెంటు లేని ఇళ్ళెన్నో. అక్కడ విరివిగా దొరికే 850 వోల్ట్-ఆంపియర్ల చిన్న ఇన్వర్టర్లు దీపాలకు, పంకాలకు ఉద్దేశించినవి. వాటి మీద ఇండక్షన్ పొయ్యి ఏ మెట్టు మీదా నడవదు. అందులో చదరపు తరంగాన్ని ఇచ్చే చవక రకమైతే మరీ ప్రమాదం. పొయ్యి ముఖద్వారంలో ఉండే కెపాసిటరు, ఆ తరంగం నిలువుగా ఎగసిన ప్రతిసారీ పెద్ద ప్రవాహాన్ని మింగుతుంది. పొయ్యి తప్పు సంకేతం చూపి ఆగడం గాని, కొన్నాళ్ళకు చెడిపోవడం గాని జరుగుతుంది. మిక్సీ ఆ తరంగం మీద గరగరమంటూ ఎక్కువ వేడెక్కుతుంది. కొనేటప్పుడు సైన్ వేవ్ అని ఉన్నదేమో చూడండి. అట్లే, ఇండియా నుండి తెచ్చుకొన్న పొయ్యికి ఉండే లావు గుండ్రటి పిన్నుల ప్లగ్గును ఇక్కడి చదరపు పిన్నుల సాకెట్టులో ప్రయాణాల అడాప్టరుతో పెట్టవద్దు. 1800 వాట్లంటే 7.5 ఆంపియర్లు ఏకధాటిగా. వదులుగా ఉండే అడాప్టరు అరగంటలో ప్లాస్టిక్ వాసన వేస్తుంది. ప్లగ్గునే మార్పించుకోవాలి.

మిత్రులు గత ఏడాది ఆ సీసపు బ్యాటరీలను తీసివేసి లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ పెట్టుకొన్నారు. ఇందులో విద్యుద్వాహక ద్రవం ఖర్చు కాదు, లిథియం అయాన్లు ఒక వైపు నుండి మరో వైపుకు చేరతాయంతే. అందువల్ల 100 ఆంపియర్లు లాగినా వోల్టేజి అంతగా క్రుంగదు, వ్రాసిన సామర్థ్యం దాదాపు అంతా చేతికి అందుతుంది. కాని దీనికి వేరొక కాపలాదారు ఉన్నాడు. పెట్టె లోపల ఉండే రక్షణ వలయం, తనకు నిర్ణయించిన ఆంపియర్లు దాటితే, సీసపు బ్యాటరీలాగా మెల్లగా నీరసించదు. ఒక్కసారిగా తలుపు మూస్తుంది. కొనడానికి వెళ్ళినప్పుడు మొదట చూపిన పెట్టె 25.6 వోల్టులు, 200 ఆంపియర్-అవర్లది. నిలవ 5 యూనిట్లకు పైగా, చూపుకు ఎంతో ఘనం. దాని రక్షణ వలయం ఎడతెగకుండా ఇవ్వనిచ్చేది 100 ఆంపియర్లు. పొయ్యి 1800 మీద, ఇంటి మిగతా భారంతో కలిపి 93 ఆంపియర్లు అక్కడే అయిపోయాయి. మిక్సీ ఒంటరిగా మొదలైనా 145. "కొన్ని సెకన్లకు ఎంత ఇస్తుంది?" అని అడిగితే దుకాణంలోని అబ్బాయి దగ్గర సమాధానం లేదు, పెట్టెతో వచ్చిన కాగితంలోనూ లేదు. రెండవ దుకాణంలో అంతే నిలవ ఉన్న మరొక పెట్టె, ఎడతెగకుండా 150, పది సెకన్లకు 300 ఆంపియర్లు అని అచ్చువేసి ఉన్నది దొరికింది. ధరలో తేడా స్వల్పమే. పాత 3000 ఇన్వర్టరే ఇప్పటికీ నడుస్తున్నది.